మొలవని వేరుశనగ విత్తనం: వినియోగదారుల కమిషన్‌లో నా అనుభవం

నాలుగు ఎకరాల్లో వేసిన ధ్రువీకరణ వేరుశనగ విత్తనం పన్నెండు రోజులైనా సరిగా మొలవలేదు. సాలులో మట్టి తవ్వి చూస్తే గింజలు మెత్తబడి కుళ్ళి ఉన్నాయి. అదే రోజు, అదే పదునులో పక్క చెక్కలో వేసిన మా ఇంటి విత్తనం మాత్రం నిండుగా లేచింది. నా కేసు నిలిచింది ఆ చెక్క వల్లనే.

చేను దున్నేయమని మా అన్నయ్య తొందరపెట్టినా ఆగి, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దుకాణదారుకు ముందే నోటీసు పంపి, ఆయన సమక్షంలోనే తనిఖీ జరిపించాను. ధ్రువీకరణ వేరుశనగకు కనీస మొలక శాతం 70 కాగా, నివేదికలో 20 లోపే నమోదైంది. బిల్లుతో పాటు లాటు నంబరున్న నీలి ట్యాగును కూడా దాచి ఉంచాను.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో విక్రేతను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాను. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షించలేదు కనుక లోపం రుజువు కాలేదని వారు వాదించారు. కొన్న విత్తనమంతా విత్తేసే రైతు నమూనా దాచిపెట్టాలని ఆశించలేమని, ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పును మా వకీలు చూపారు. అదే లాటు నమూనాను కంపెనీ కూడా పరీక్షకు పంపలేదు.

విత్తనం ధర, సాగు ఖర్చు, పూర్తి దిగుబడి విలువ అన్నీ కలిపి అడగడం నా పొరపాటు. దిగుబడి విలువలోనే ఖర్చు ఇమిడి ఉంటుందంటూ కమిషన్ ఊరి సగటు దిగుబడినే లెక్కగట్టింది.