ఏప్రిల్ చెక్కు, మార్చి లెక్క

మండపేటలో మా రైస్‌మిల్లు. మార్చి 31న పాస్‌బుక్‌లో 1,90,000 ఉంటే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మాత్రం బ్యాంకు మైనస్ 3,10,000 అంది. ఓవర్‌డ్రాఫ్టే లేదు, మైనస్ ఎక్కడిది? తవ్వితే రెండు చెక్కులు తేలాయి.

గోనెసంచుల షావుకారుకి మార్చిలో ఇచ్చిన 4,00,000 చెక్కు మీద తేదీ ఏప్రిల్ 15. ఆ రోజు దాకా బాకీ తీరనట్టే. ఓచరు తెరిచి, తేదీ ఏప్రిల్ 15కి మార్చి, Ctrl+T కొట్టి పోస్ట్‌డేటెడ్ చేశాను. షావుకారు బాకీ మళ్లీ నిలబడింది, బ్యాంకు 90,000కి వచ్చింది.

మిగతా తేడా లక్ష, లారీ కిరాయి చెక్కు. దాని తేదీ మార్చి 28. తేదీ దాటింది, వాళ్లే ఇంకా బ్యాంకులో వేయలేదు. కాబట్టి ఆ ఎంట్రీ కదపకుండా పాస్‌బుక్‌కీ మా లెక్కకీ తేడా ఎందుకో చూపే రీకన్సిలియేషన్‌లో చూపించాను.

షావుకారే ఒప్పుకోలేదు: "చెక్కిచ్చాక ఇంకా బాకీ ఏంటండీ?" మార్చి 31కి బాకీ ఇంత అని ఒప్పుకునే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద ఆయన సంతకానికే ఎక్కువ తిప్పలు.