గోడను బయటికి నెట్టిన పైకప్పు: నా అనుభవం

మా పాత పెంకుల కప్పు నడుమ కుంగి, గోడ పైభాగం బయటికి ఒరిగింది. పగులు పూడ్చడం, పెంకులు మార్చడం రెండూ వృథా అయ్యాయి. కప్పు బరువు ఏటవాలు కర్రల గుండా దిగుతూ గోడల్ని బయటికి నెడుతుంది. ఆ కర్రల పాదాలను లాగి పట్టుకునేది అడ్డదూలమే. గోడలో దూరిన దాని కొస చూడ్డానికి బాగానే ఉన్నా, స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోయింది.

ముందు ఆ కొసను కుళ్లబెట్టిన కప్పు లీకు ఆపి, ఏటవాలు కర్రలూ అడ్డదూలమూ కలిసిన ట్రస్ అనే చట్రం కింద జాకీలు పెట్టాం. గట్టి కర్ర తగిలేదాకా కుళ్లు కోసేశాం. బాగా ఆరిన ముక్క అతికి, రెండు పక్కలా ఇంజనీరు చెప్పిన మందం ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించాం. ఏటవాలు కర్ర పాదం గాడిలో సరిగ్గా కూర్చున్నాకే జాకీలు కొద్దికొద్దిగా దించాం. కొస చుట్టూ గాలాడే ఖాళీ వదిలాం.

గోడ వెనక్కి రాలేదు, ఒరగడం మాత్రం ఆగింది. పునాది కుంగి ఒరిగిన గోడకు ఇది పనిచేయదు.