సర్వే లింక్ వాట్సాప్‌లో పెట్టే ముందు: ఒకరే పదిసార్లు నింపితే తెలిసేదెలా?

ఊరి గ్రంథాలయంలో రీడింగ్ హాలును రాత్రి పది దాకా తెరిచి ఉంచాలా అని జనాన్ని అడగాలనుకున్నారు. గూగుల్ ఫారం తయారైంది. ఇక లింక్‌ను నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడమే మిగిలింది. దయచేసి ఒక్క రోజు ఆగండి. లింక్ బయటికి వెళ్లాక కొత్త ప్రశ్న చేర్చినా, అప్పటికే నింపినవాళ్ల వరుసల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. దొంగ జవాబులను పట్టుకోవాలంటే ఆ ఏర్పాటు ముందే ఉండాలి.

మొదట సెట్టింగ్స్‌లోకి వెళ్లి Allow response editing ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, ఫారం పంపాక వచ్చే పేజీలో జవాబు మార్చుకునే లింక్ కనబడుతుంది. చాలామంది దాన్నే సర్వే లింక్ అనుకుని స్నేహితులకు పంపేస్తారు. ఆ లింక్ తెరిచి నింపిన ప్రతి ఒక్కరూ మొదటివాళ్ల జవాబునే చెరిపి రాస్తారు. ముప్పైమంది నింపినా మీ షీటులో ఒక్క వరుసే ఉంటుంది. లింక్‌లో edit2= అని ఉంటే అది ఇదే. ఒకరే పలుమార్లు నింపితే వరుసలైనా కనబడతాయి. ఇక్కడ మాత్రం జనం మాయమైపోతారు, మీకు ఆ సంగతే తెలియదు. ఇప్పటికే అలా జరిగిందని అనుమానం ఉంటే, షీటు వెర్షన్ హిస్టరీలో పాత జవాబులు కొన్ని దొరకవచ్చు.

Limit to 1 response పెడితే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. దానికి గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. రెండు మూడు జీమెయిల్ ఖాతాలున్న కుర్రాడిని అది ఆపలేదు. ఇంట్లో ఒకే ఫోను వాడుకునే అత్తాకోడళ్లలో రెండోవాళ్లను మాత్రం ఆపేస్తుంది. ఉద్యోగుల మధ్య చేసే సర్వేకు అది బాగానే ఉంటుంది. ఊరందరికీ తెరిచిన సర్వేకు వద్దనే నా అభిప్రాయం. ఐపీ అడ్రస్ చూద్దామా అంటే గూగుల్ ఫారం దాన్ని మీకు ఇవ్వదు. ఇచ్చే ఇతర సాధనాల్లో కూడా దాన్ని నమ్మి ఎవరినీ తీసేయకండి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఎన్నో ఫోన్లు ఒకే ఐపీ వెనక ఉంటాయి. అదే ఫోను వైఫై నుంచి డేటాకు మారితే ఐపీ కూడా మారిపోతుంది.

అందుకే ప్రశ్నల్లోనే ఆధారం పెట్టుకోవాలి. మూడు అవును-కాదు ప్రశ్నలే ఉంటే వచ్చే కలయికలు ఎనిమిదే. అక్కడ ఇద్దరి జవాబులు ఒకేలా ఉండటంలో వింతేమీ లేదు. అసలు ప్రశ్నతో సంబంధం లేని చిన్న వివరాలు రెండు మూడు అడగండి: పుట్టిన సంవత్సరం, వార్డు, గ్రంథాలయానికి వారంలో ఎన్ని రోజులు వస్తారు, ఎలా వస్తారు. ఒకటి రెండు మాటల్లో రాసే ప్రశ్న కూడా ఒకటి ఉంచండి. ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు అడిగే అలవాటు కొందరికి ఉంది. అవి కలిస్తే ఒకరేనని తేల్చేయకండి. నాలుగు అంకెలతో పదివేల నంబర్లే వస్తాయి కాబట్టి, 400 మంది వేర్వేరు మనుషులు నింపినా సుమారు ఎనిమిది జంటలకు యాదృచ్ఛికంగానే అవి కలుస్తాయి. పుట్టిన సంవత్సరం, వార్డు కూడా కలిసినప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోండి. “ఈ ఫారం ఇంతకు ముందు నింపారా?” అని సూటిగా అడగడం కూడా మంచిదే. నెట్ సరిగా లేక, వెళ్లిందో లేదో తెలియక మళ్లీ నింపేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో దాచే ఉద్దేశం ఉండదు.

ఇక లింకులు. ప్రతి గ్రూపుకూ వేరే లింక్ ఇవ్వండి. చివరి పేజీలో “ఫారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?” అనే ప్రశ్న పెట్టి, Get pre-filled link తో ఆ ఒక్క జవాబునే ముందుగా నింపిన లింకులు తయారు చేసుకోండి. లింక్ చివర ఇలా ఉంటుంది, అంకెలు మీ ఫారంవి వస్తాయి:

```
?usp=pp_url&entry.1234567890=coaching
```

ఎవరు ఫార్వర్డ్ చేసినా ఆ గుర్తు లింక్‌తో పాటే పోతుంది. ఎవరు పంపారో చెప్పదు, ఏ గ్రూపు దారిన వచ్చిందో చెబుతుంది. లింక్‌ను పంచే ముందు ఒకసారి తెరిచి, మిగతా ప్రశ్నలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి.

జవాబులు వస్తున్నప్పుడు అసలు షీటును కదపకండి. ఆ షీటుకు నకలు తీసి, వచ్చిన సమయం వరుసలో పెట్టి, ఈ మూడు లెక్కలు వేయండి. ఎంపిక ప్రశ్నలు C నుంచి J దాకా ఉన్నాయనుకుందాం:

```
L3: =(A3-A2)*86400
M2: =TEXTJOIN("|",FALSE,C2:J2)
N2: =COUNTIF(M:M,M2)
```

మొదటిది ముందు జవాబుకూ దీనికీ మధ్య సెకన్లు. రెండోది ఆ వరుసలోని ఎంపిక జవాబులన్నిటినీ ఒకే గడిలో కలిపి పెట్టేది. మూడోది ఇదే కలయిక మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పేది.

మొత్తం 412 జవాబులు వచ్చాయి, వాటిలో 268 మంది “తెరిచి ఉంచాలి” అన్నారు అనుకుందాం. మంగళవారం రాత్రి ముప్పావుగంటలో 61 జవాబులు పడ్డాయి, 58 మంది అవునన్నారు, అన్నిటికీ coaching గుర్తే ఉంది. చూడగానే మోసం అనిపిస్తుంది. కానీ క్లాసు వదిలాక మాస్టారు గ్రూపులో లింక్ పెట్టినా ఇలాగే వస్తుంది. తేడా తెలిసేది మిగతా గడుల్లో. 44 వరుసల్లో వార్డులు, పుట్టిన సంవత్సరాలు, వచ్చే దారి వేర్వేరుగా ఉన్నాయి. రాసే ప్రశ్నలో ఒకరు “ఫ్యాన్ లేదు” అన్నారు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాశారు. వీళ్లు నిజమైన పిల్లలే, ఒకే అభిప్రాయం ఉన్నంత మాత్రాన వాళ్లను తీసేయడం అన్యాయం. మిగతా 17 ఒకదాని వెంట ఒకటి, దాదాపు 40 సెకన్ల ఎడంతో ఉన్నాయి. పుట్టిన సంవత్సరం, వార్డు అన్నిటిలో ఒకటే, తప్పనిసరి కాని ప్రశ్నలన్నీ ఖాళీ. అన్నీ “అవును”. ఇవి ఒక్క చేతివే అనడానికి ఇన్ని గుర్తులు కలిసి వచ్చాయి.

ఆ పదిహేడింటిని కూడా చెరపకండి, పక్క గడిలో “అనుమానం” అని, కారణం రాసి పెట్టండి. తర్వాత మూడు లెక్కలు వేయండి. అన్నీ ఉంచితే 65 శాతం అవును. పదిహేడు తీస్తే 395లో 251, అంటే 63.5 శాతం. ఆ రాత్రివి మొత్తం 61 తీసినా 351లో 210, దాదాపు 60 శాతం. మూడు విధాలా సగానికి పైనే ఉంది కాబట్టి ఈ నిర్ణయం మారదు. వార్డుల వారీగా చూస్తే మాత్రం మారవచ్చు. ఆ పదిహేడూ ఒకే వార్డు పేరుతో ఉన్నాయి కదా, ఆ వార్డులో మొత్తం 30 జవాబులే ఉంటే ఆ అంకెను బయటికి చెప్పకండి.

రెండుసార్లు నింపానని ఒప్పుకున్నవాళ్ల విషయంలో మొదటిది ఉంచాలా, చివరిది ఉంచాలా అన్నది ఫలితం చూడకముందే కాగితం మీద రాసుకోండి. నేనైతే చివరిది ఉంచుతాను, సరిదిద్దుకోవడానికే చాలామంది మళ్లీ నింపుతారు కాబట్టి. ఫలితం ప్రకటించేటప్పుడు ఎన్ని జవాబులు వచ్చాయి, ఎన్నిటిని పక్కన పెట్టారు, ఏ గుర్తులు చూసి పెట్టారు అన్నది అంకెల కిందే రాయండి. పుట్టిన సంవత్సరం, ఫోన్ అంకెలు ఉన్న షీటును మాత్రం ఎవరికీ పంపకండి. ఈ తనిఖీ పూర్తయ్యాక షీటులోనూ, దాని నకలులోనూ ఆ రెండు వివరాలను తీసేయండి, ఫారంలో మిగిలిన జవాబులను కూడా చెరిపేయండి.