ఇంప్లాంట్ రికార్డు కార్డు, ఐదవ పాఠం: తెరిచిన ప్యాకెట్లు, శరీరంలో మిగిలిన భాగాలు

ఆపరేషన్ తరువాత శరీరంలో మిగిలిన భాగాలను ఒక్కొక్క వరుసలో రాసి రోగికి ఇచ్చేది ఇంప్లాంట్ రికార్డు కార్డు. గత పాఠం చివర ఇచ్చిన ఎడమ మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ నోట్సు చూసి ఆ కార్డు తయారుచేసి పంపినవారిలో ఎక్కువమంది ఆరు వరుసలు రాశారు. రావలసినవి ఐదు. ఆ ఒక్క అదనపు వరుస ఎలా వచ్చిందో తేలకుండా తరువాతి అంశానికి వెళితే ఇదే తప్పు ప్రతి కార్డులోనూ వస్తుంది. కాబట్టి ఈసారి చెప్పదలచుకున్న తుంటి కీలును వాయిదా వేసి, అదే నోట్సును మళ్ళీ చదువుదాం. రోగి పేరు, వయసు, ఐపీ నంబరు, ఆసుపత్రి పేరు, సర్జన్ పేరు అనే పై భాగాన్ని అందరూ సరిగానే నింపారు గనుక దాని జోలికి వెళ్ళను.

అభ్యాసం కోసం కల్పించిన ఆ నోట్సు సారాంశం ఇది. కావలి ప్రాంతానికి చెందిన 64 ఏళ్ళ మహిళకు 14 మార్చి 2024న నెల్లూరులో ఎడమ మోకాలి కీలు మార్చారు. తొడ ఎముక చివర సైజు 3 ఫీమరల్ భాగాన్ని, కాలి ఎముకపై సైజు 2 బేస్‌ప్లేటును సిమెంటుతో అమర్చారు. ఈ రెండింటి మధ్య ఉండే ప్లాస్టిక్ ముక్కను ఇన్సర్టు అంటారు. 9 మిల్లీమీటర్ల ఇన్సర్టు పెట్టి చూడగా మోకాలు వదులుగా ఉన్నందున దానిని తీసివేసి 11 మిల్లీమీటర్లది పెట్టారు. మోకాలి చిప్పను మార్చలేదు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన సిమెంటు రెండు ప్యాకెట్లు వాడారు. నోట్సు వెనుక అతికించిన స్టిక్కర్లు ఇవి, వాటిపై LOT అన్నది బ్యాచ్ నంబరు:

```
1  FEMORAL CEMENTED LEFT SIZE 3   LOT 30417B
2  TIBIAL BASEPLATE SIZE 2        LOT 2K8810
3  INSERT SIZE 2   9 MM           LOT 710553
4  INSERT SIZE 2  11 MM           LOT 710562
5  BONE CEMENT 40 G GENTAMICIN    LOT C4471
6  BONE CEMENT 40 G GENTAMICIN    LOT C4502
```

ఆరు స్టిక్కర్లు ఉన్నాయి కాబట్టి ఆరు వరుసలు రాశారు. స్టిక్కరు ఉండటమంటే ప్యాకెట్టు తెరిచారని మాత్రమే అర్థం. థియేటర్లో ప్యాకెట్టు తెరిచిన వెంటనే, వస్తువు సర్జన్ చేతికి చేరకముందే, బయట తిరిగే నర్సు స్టిక్కర్లను తీసి కాగితంపై అతికిస్తారు. ఆ తరువాత ఆ వస్తువు ఏమయిందో స్టిక్కరు చెప్పదు. నోట్సులోని వాక్యాలే చెబుతాయి. సర్జన్ పనిని జరిగిన వరుసలో రాస్తారు గనుక ముందు వాక్యంలో అమర్చిన దానిని తరువాతి వాక్యంలో తీసివేసి ఉండవచ్చు. అందుకే నేను నోట్సును కింది నుంచి పైకి చదువుతాను. గాయం మూసిన వాక్యం దగ్గర ఆగి, ఆ క్షణానికి మోకాలిలో ఏమేమి ఉన్నాయని ప్రశ్నించుకుంటే 11 మిల్లీమీటర్ల ఇన్సర్టు ముందుగా కనబడుతుంది; 9 మిల్లీమీటర్లది దాని వెనుక, తీసివేసినదిగా కనబడుతుంది. పై నుంచి చదివేవారు 9 దగ్గరే వరుస రాసేసి, 11 దగ్గర ఇంకొక వరుస రాసి, మధ్యనున్న 'తీసివేసి' అనే మాటను దాటిపోతున్నారు.

ఇది మోకాలికి మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. విరిగిన ఎముకకు ప్లేటు వేసేటప్పుడు 40 మిల్లీమీటర్ల స్క్రూ పొట్టిదై 44 వేస్తారు. ఒక భాగం చేతి నుంచి జారి నేలమీద పడితే దానిని పక్కన పెట్టి మరొకటి తెరుస్తారు. సిమెంటు కలిపాక అమర్చే లోపలే గట్టిపడిపోతే ఇంకొక ప్యాకెట్టు కలుపుతారు. పాత కీలు తీసి కొత్తది వేసిన ఆపరేషన్లలోనైతే తీసివేసిన పాత భాగం పేరు నోట్సులో ఉంటుంది కానీ స్టిక్కరు ఉండదు; ఆ పేరును కూడా కార్డులోకి ఎక్కించినవారు ఉన్నారు.

9 మిల్లీమీటర్ల ఇన్సర్టు అదనంగా ఉంటే నష్టమేమిటని ఒకరు అడిగారు. మొదటి నష్టం, కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిచినప్పుడు తెలుస్తుంది. 2010 ఆగస్టులో డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీలును ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో ఆ కీలు వేయించుకున్నవారిలో చాలామంది ఆచూకీ ఆ తరువాత కూడా దొరకలేదు. అటువంటి పిలుపు 710553 బ్యాచ్‌కు వస్తే, ఆ ప్లాస్టిక్ ముక్క ఒంట్లో లేని మనిషిని మనం ఆందోళనకు గురిచేస్తాము. రెండవ నష్టం ఇంతకన్నా పెద్దది. ఇన్సర్టు పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. ఎక్స్‌రేలో లోహ భాగాలు తెల్లగా కనబడతాయి కానీ ఈ ప్లాస్టిక్ కనబడదు. లోహాల మధ్య ఖాళీగానే తోస్తుంది. ఏళ్ళు గడిచాక ఆమెకు కీలులో చీము పట్టినా, ప్లాస్టిక్ అరిగినా, చెన్నైలోనో తిరుపతిలోనో ఉన్న సర్జన్ లోహ భాగాలను కదిలించకుండా ఇన్సర్టును మాత్రమే మార్చాలనుకోవచ్చు. అప్పుడు ఏ కంపెనీ, ఏ నమూనా, ఏ సైజు, ఎంత మందం అన్నది ముందే తెలిస్తేనే సరిపోయే భాగాన్ని తెప్పించుకోగలరు. కార్డులో 9, 11 రెండూ ఉంటే ఆ సర్జన్‌కు కార్డు ఉన్నా లేనట్టే.

నోట్సులో 'ఇన్సర్టు అమర్చడమైనది' అని మాత్రమే ఉండి, స్టిక్కర్లు రెండు ఉన్నప్పుడు మందమైనదే చివరిదని ఊహించి రాయకండి. బిల్లును సాక్ష్యంగా తీసుకోకండి. తెరిచిన రెండింటికీ బిల్లు వేసి ఉండవచ్చు. థియేటర్ ఇంప్లాంట్ రిజిస్టరులో 'వాడలేదు' అన్న గుర్తు ఉందేమో చూసి, సర్జన్‌ను అడిగి, ఆయన చేత నోట్సు కింద ఆ రోజు తేదీతో, సంతకంతో ఒక అనుబంధ వాక్యం రాయించుకున్న తరువాతే ఆ వరుస నింపండి. నోటిమాటపై నింపిన వరుసకు రేపు ఆధారం ఉండదు. ఎడమ, కుడి విషయంలోనూ ఇదే పద్ధతి: శీర్షికలో ఒక వైపు, లోపల మరొక వైపు ఉంటే మీరు తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు బ్యాచ్ నంబర్లు. రెండు సిమెంటు ప్యాకెట్ల నంబర్లు వేరు గనుక రెండు వరుసలు రావాలి. ఒకే నంబరయితే ఒక వరుసలో 'రెండు ప్యాకెట్లు' అని రాస్తే చాలు. సిమెంటు ఇంప్లాంటు కాదని దానిని వదిలేసినవారు, అది జీవితాంతం ఎముకలోనే ఉంటుందని గమనించాలి. అందులో జెంటామైసిన్ ఉన్న సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఆ మందు పడనివారి విషయంలో తరువాతి వైద్యుడు తెలుసుకోవలసిన విషయం అదే. ఫీమరల్ భాగం బ్యాచ్‌ను ఇద్దరు 304178 అని రాశారు. చివరి అక్షరాన్ని అంకెగా చదివారు. ఇటువంటి సందేహానికి బార్‌కోడు కింద ఉండే వరుస సాయపడుతుంది:

```
(17)290531(10)30417B
```

ఇక్కడ 17 తరువాతి ఆరు అంకెలు వాడవలసిన గడువు, అంటే 31 మే 2029. బ్యాచ్ 10 తరువాత మొదలవుతుంది. చేతితో చదవడం కన్నా స్కాన్ చేసి తెరపై కనబడినదాన్ని పోల్చుకోవడం మేలు. గడువు తేదీని ఆపరేషన్ తేదీ గడిలో రాసినవారు కూడా ఉన్నారు. ఆపరేషన్ తేదీ నోట్సులో తప్ప స్టిక్కరుపై ఎన్నడూ ఉండదు. నెలను అంకెలో కాక మాటల్లో రాయడం నా అలవాటు, మీరూ అలాగే చేయమని కోరుతున్నాను.

హెచ్చరికల భాగంలో రెండు రకాల జవాబులు వచ్చాయి. కొందరు 'ఎమ్మారై ఎన్నడూ తీయించుకోకూడదు' అని, కొందరు 'లోహం మంచిది, ఎమ్మారై సురక్షితం' అని రాశారు. ఆపరేషన్ నోట్సులో ఈ మాటలు ఏవీ లేవు. రెండూ మీ నుంచి వచ్చినవే. ఎమ్మారై గుర్తులు మూడు. ఆకుపచ్చ చతురస్రం ఏ షరతూ లేదని చెబుతుంది. అది లోహం లేని, విద్యుత్తు ప్రవహించని వస్తువులకే చెందుతుంది కాబట్టి లోహపు మోకాలికి రాదు. పసుపు త్రిభుజం షరతులతో తీయవచ్చని, ఎర్రని అడ్డగీత ఉన్న వలయం తీయకూడదని చెబుతాయి. షరతులంటే ఎన్ని టెస్లాల యంత్రం, ఎంతసేపు వంటివి. అవి ఆ భాగంతో వచ్చే కంపెనీ పత్రంలో ఉంటాయి, అసలు స్టిక్కరుపై ఉండే REF, అంటే కేటలాగు నంబరుతో ఆ పత్రాన్ని వెతకాలి. గుర్తు లేకపోయినా, పత్రం ఇంకా దొరకకపోయినా మీ ఊహను రాయకుండా, రోగి చేతిలో పనికివచ్చే మాట రాయండి: 'నా ఎడమ మోకాలిలో లోహపు కీలు ఉన్నది. ఎమ్మారై తీసేముందు ఈ కార్డును అక్కడి సిబ్బందికి చూపిస్తాను. షరతులను కంపెనీ పత్రంలో చూసి నిర్ణయించవలెను.' దాని కింద, విమానాశ్రయంలో మెటల్ డిటెక్టరు మోగవచ్చని, ఈ కార్డు తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వదని ఒక వాక్యం; మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, గాయం నుంచి నీరు కారినా యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి రావాలని మరొక వాక్యం. హెచ్చరికలు తెలుగులో, పెద్ద అక్షరాలలో ఉండాలి; భాగాల పేర్లు, నంబర్లు మాత్రం స్టిక్కరుపై ఉన్న లిపిలోనే ఉండాలి, ఎందుకంటే వాటిని చదివేది పొరుగు రాష్ట్రపు సర్జన్ కావచ్చు.

స్టిక్కరు అతికించినా పక్కన బ్యాచ్ నంబరును చెరగని ఇంకుతో చేతితో కూడా రాయండి. కొన్ని స్టిక్కర్లు థర్మల్ ముద్రతో ఉంటాయి; అవి కాలక్రమంలో వెలిసిపోతాయి, వేడి లామినేషన్ చేస్తే నల్లబడిపోతాయి. నేను లామినేషన్ చేయించను, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఇస్తాను.

ఈసారి అభ్యాసం కొంత కష్టమైనది. ఒంగోలులో ఒకే రోజు రెండు మోకాళ్ళూ మార్చిన రోగి నోట్సు అనుకోండి. ఫీమరల్ స్టిక్కర్లు రెండింటిపై LEFT, RIGHT అని ఉన్నది. బేస్‌ప్లేట్లు, ఇన్సర్టులు ఏ వైపుకయినా పనికివచ్చేవి గనుక వాటి స్టిక్కర్లపై వైపు లేదు, ఆ నాలుగూ ఒకే కాగితంపై కలిసిపోయి ఉన్నాయి. నోట్సు ప్రకారం కుడి మోకాలికి 10, ఎడమకు 12 మిల్లీమీటర్ల ఇన్సర్టులు వేశారు. బేస్‌ప్లేట్లు రెండూ సైజు 3, బ్యాచ్‌లు మాత్రం వేరు. నాలుగు ప్యాకెట్ల సిమెంటులో మూడు ఒక బ్యాచ్, ఒకటి మరొక బ్యాచ్. ఏ వరుసలను ఇప్పుడే నింపగలరో, ఏవి నింపలేరో విడగొట్టి, నింపలేని ప్రతి వరుసకూ సర్జన్‌కు పంపవలసిన ప్రశ్నను ఒక్కొక్క వాక్యంలో రాసి పంపండి. 'స్పష్టం చేయగలరు' అనే ప్రశ్నను నేను జవాబుగా తీసుకోను. ఏ స్టిక్కరు, ఏ బ్యాచ్, ఏ వైపు అన్నది ప్రశ్నలోనే ఉండాలి.