డెల్టా హెడ్జ్ చేసినా పీ అండ్ ఎల్ స్పాట్ వెంటే పరిగెడుతోందా? సమస్య - పరిష్కారం

ఈ ప్రశ్న నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. "డెల్టా సున్నా చేసి కూర్చున్నాను. అయినా మార్కెట్ పెరిగిన రోజు లాభం, పడిన రోజు నష్టం. హెడ్జ్ ఎక్కడ తప్పింది?" అడిగిన ప్రతి ఒక్కరూ గామా చూసుకున్నారు, తీటా చూసుకున్నారు, వడ్డీ రేటు కూడా చూసుకున్నారు. స్పాట్ కదిలినప్పుడు తమ స్ట్రైక్ ఐవీ ఏమైందో మాత్రం చాలామంది చూడలేదు. అది చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ముందు ఈ తనిఖీ చేయండి

మీ ట్రేడింగ్ పుస్తకంలో ఉన్న ఒక స్ట్రైక్ తీసుకోండి. నిన్నటి ముగింపులో దాని ఐవీ ఎంత, ఈరోజు అదే స్ట్రైక్, అదే ఎక్స్‌పైరీకి ఎంత? ఏటీఎం ఐవీ చూడకండి. నిన్నటి ఏటీఎం ఒక స్ట్రైక్, ఈరోజు ఏటీఎం ఇంకో స్ట్రైక్. మీ చేతిలో ఉన్నది ఏటీఎం అనే పేరు కాదు, ఒక నిర్దిష్టమైన స్ట్రైక్.

స్పాట్ కదిలినా స్ట్రైక్ ఐవీ అలాగే ఉంటే అది స్టికీ స్ట్రైక్. స్మైల్ మొత్తం స్పాట్‌తో పాటు పక్కకు జరిగి, కొత్త ఏటీఎంకి పాత ఏటీఎం ఐవీయే వస్తే అది స్టికీ డెల్టా. మూడోది కూడా ఉంది: స్పాట్ పడితే స్ట్రైక్ ఐవీ పెరగడం. లోకల్ వొలటిలిటీ మోడల్ చెప్పేది ఇదే. ఈ మూడింటినీ మార్కెట్ మూడ్‌కి ముడిపెట్టి 1999లో ఇమాన్యుయెల్ డెర్మన్ వివరించాడు: ఒక రేంజ్‌లో తిరిగే మార్కెట్‌కి స్టికీ స్ట్రైక్, నిలకడగా ఒకే వైపు నడిచే మార్కెట్‌కి స్టికీ డెల్టా, కుదుపుల మార్కెట్‌కి మూడోది. మార్కెట్ ఒక్కదాన్నే పట్టుకుని ఉండదు. మీ డెల్టా లెక్క మాత్రం ఏదో ఒకదాన్ని నమ్ముకునే నడుస్తుంది. చిక్కంతా అక్కడే.

ఒక లెక్క చూద్దాం

స్పాట్ 100, స్ట్రైక్ 100, మూడు నెలల కాల్, ఐవీ 20, వడ్డీ సున్నా. స్మైల్ వాలు ఇలా ఉంది: 90 స్ట్రైక్‌కి 22, 100కి 20, 110కి 18. అంటే స్ట్రైక్ ఒక పాయింట్ పెరిగితే ఐవీ 0.2 తగ్గుతుంది. బ్లాక్-షోల్స్ డెల్టా 0.52, వేగా ఒక వాల్ పాయింట్‌కి దాదాపు 0.2.

10,000 కాల్స్ కొని, 5,200 అండర్‌లయింగ్ అమ్మి హెడ్జ్ చేశారు. స్పాట్ 2 పాయింట్లు కదిలింది. ఎటు కదిలినా గామా వల్ల సుమారు 800 రావాలి. స్టికీ స్ట్రైక్ నిజమైతే అదే వస్తుంది.

మార్కెట్ స్టికీ డెల్టాలో ఉంటే? స్పాట్ 98కి పడింది, స్మైల్ ఎడమకు 2 పాయింట్లు జరిగింది. ఇప్పుడు 98 స్ట్రైక్‌కి 20, మీ 100 స్ట్రైక్‌కి 19.6. వేగా మీద 0.4 పాయింట్లు పోయాయి, అంటే 10,000 కాల్స్ మీద సుమారు 800. గామా తెచ్చిందంతా వేగా తినేసింది, మిగిలింది సున్నా. అదే స్పాట్ 102కి పెరిగితే 100 స్ట్రైక్ ఐవీ 20.4 అవుతుంది, చేతికి 1,600 వస్తుంది. పడితే సున్నా, పెరిగితే రెట్టింపు. మీరు చూస్తున్నది ఇదే అయితే మీ హెడ్జ్ తక్కువైంది. 0.52 కాదు, 0.56 అమ్మాల్సింది.

బొమ్మ తిరగబడితే, అంటే పడినప్పుడు 1,600, పెరిగినప్పుడు సున్నా వస్తే, మార్కెట్ మూడో రకంలో ఉంది. మీకు కావాల్సిన డెల్టా 0.48. ఒకే కాల్, ఒకే రోజు, ఒకే ధర. అయినా డెల్టా 0.48 నుంచి 0.56 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ తేడా ఆప్షన్ ధరలో కనపడదు, స్మైల్ ఎలా కదులుతుందన్న ఊహలో ఉంటుంది.

నన్ను కాల్చిన కారణం: రిఫరెన్స్ స్పాట్

పైన చెప్పింది తెలిసినవాళ్లు కూడా ఇక్కడ పడతారు. నేనూ పడ్డాను, అందుకే కాస్త విడమరిచి చెబుతాను.

చాలా సిస్టమ్‌లు వాల్ సర్ఫేస్‌ను స్ట్రైక్‌ల వారీగా దాచవు. మనీనెస్ వారీగా, అంటే స్ట్రైక్‌ను ఏదో ఒక స్పాట్‌తో భాగించి దాస్తాయి. ఆ "ఏదో ఒక స్పాట్" ఏది? సర్ఫేస్ సెట్టింగుల్లో ఓ మూల రిఫరెన్స్ స్పాట్ అని ఒక గడి ఉంటుంది. అందులో లైవ్ ధర ఉంటే మీ సిస్టమ్ స్టికీ డెల్టాలో నడుస్తోంది. పొద్దున వాల్స్ మార్క్ చేసినప్పటి ధర గడ్డకట్టి ఉంటే స్టికీ స్ట్రైక్‌లో నడుస్తోంది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, ఆ గడే నిర్ణయించింది.

నేను పనిచేసిన ఒక డెస్క్‌లో అది పగలంతా గడ్డకట్టి ఉండేది. సాయంత్రం ముగింపు లెక్కల ముందు ఒకరు దాన్ని కొత్త స్పాట్‌కి మార్చేవారు, కానీ సర్ఫేస్‌లోని అంకెలు ముట్టుకునేవారు కాదు. అది చేసే పని మన ఉదాహరణలోనే చూడండి. స్పాట్ 98కి పడింది. మార్కెట్‌లో 100 స్ట్రైక్ ఐవీ 20 దగ్గరే ఉందనుకుందాం. పగలంతా స్క్రీన్ మీద 800 లాభం. సాయంత్రం రిఫరెన్స్ 100 నుంచి 98కి మారింది. ఏటీఎం 20 అన్న అంకె ఇప్పుడు 98 స్ట్రైక్‌కి అతుక్కుంది, 100 స్ట్రైక్‌కి 19.6 పడింది. 800 మాయం. మర్నాడు పొద్దున ట్రేడర్ మార్కెట్ కోట్లు చూసి ఏటీఎంను 20.4కి మార్క్ చేస్తాడు, 800 తిరిగి వస్తుంది.

పీ అండ్ ఎల్ వివరణలో ఈ రాకపోకలన్నీ వేగా గడిలో కనిపిస్తాయి. అందుకే మేం మూడు వారాలు వాల్ మార్కింగ్‌నే తిట్టుకున్నాం. అంతకంటే పెద్ద తప్పు, వేగా ఎక్కువైందని ఆప్షన్లు అమ్మి తగ్గించాం. లేని రిస్క్‌కి నిజమైన బిడ్-ఆస్క్ కట్టాం. ఆ బాధ ఇప్పటికీ ఉంది, ఎందుకంటే ఆనవాలు కళ్ల ముందే కనపడుతూ ఉంది: పడిన రోజు సాయంత్రం వేగా నష్టం, మర్నాడు పొద్దున దాదాపు అంతే వేగా లాభం. పెరిగిన రోజు సాయంత్రం లాభం, పొద్దున నష్టం. ఈ రంపపు పళ్లు మీ చార్టులో కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు, ఆ గడి తెరవండి.

సిస్టమ్ లోపల ఏముందో తేల్చుకోవడానికి సెట్టింగుల పేర్లను నమ్మకండి. స్పాట్‌ను ఒక పాయింట్ నెట్టి, స్ట్రైక్‌ను కదపకుండా ఐవీ అడగండి:

```
v0 = vol(K=100, S=100)
v1 = vol(K=100, S=101)
print(v1 - v0)
#  0.0  sticky strike
# +0.2  sticky delta
# -0.2  local vol
```

ఇదే పరీక్షను డెల్టా చూపించే స్క్రీన్‌కీ, రిస్క్ సీనారియో నడిపే ప్రోగ్రామ్‌కీ విడివిడిగా చేయండి. తరచూ కనిపించేది ఇది: డెల్టా స్క్రీన్ బ్లాక్-షోల్స్ ఫార్ములాతో 0.52 చూపిస్తుంది, అంటే స్టికీ స్ట్రైక్. సీనారియో ప్రోగ్రామ్ లైవ్ స్పాట్‌తో సర్ఫేస్‌ను జరిపి 0.56కి సమానమైన మార్పు చూపిస్తుంది. ఒకే ఇంట్లో రెండు గడియారాలు, రెండు టైములు. ఏది తప్పని కాదు, రెండూ ఒకే టైము చూపించకపోవడమే తప్పు.

సరిచేయడం

ముందు మీ మార్కెట్ నిజంగా ఎలా కదులుతోందో కొలవండి. ఒకే ఎక్స్‌పైరీకి రోజువారీ ఏటీఎం ఐవీ మార్పును స్పాట్ మార్పు మీద రిగ్రెస్ చేయండి. వచ్చిన వాలును స్మైల్ వాలుతో భాగించండి. ఆ అంకెను R అందాం. లోరెంజో బెర్గోమి దీన్నే స్క్యూ స్టికీనెస్ రేషియో అన్నాడు. సున్నా వస్తే స్టికీ డెల్టా, 1 వస్తే స్టికీ స్ట్రైక్, 2 దగ్గర వస్తే తక్కువ గడువులో లోకల్ వొలటిలిటీ చెప్పే కదలిక. రోజుకో భాగహారం చేసి సగటు తీయకండి, స్పాట్ కదలని రోజుల్లో ఆ అంకె పిచ్చిగా ఎగురుతుంది. నెల ఎక్స్‌పైరీకి వచ్చిన R ఏడాది ఎక్స్‌పైరీకి వాడకండి కూడా.

తర్వాత రెండు చోట్ల వాడాలి:

```
delta   = BS_delta + vega * skew * (R - 1)
ATM_new = ATM_old + R * skew * (S_new - S_old)
```

స్క్యూ అంటే పైన చెప్పిన స్మైల్ వాలే, ఇక్కడ −0.2. మైనస్ గుర్తు మరవకండి. వేగా, స్క్యూ రెండూ వాల్ పాయింట్లలోనే ఉండాలి. R 1.5 అనుకుంటే డెల్టా 0.52 − 0.02, అంటే 0.50. స్పాట్ 98కి పడితే ఏటీఎం 20.6 కావాలి, 100 స్ట్రైక్ 20.2 దగ్గర నిలవాలి.

రెండో లైనే రిఫరెన్స్ స్పాట్‌కి మందు. ఆ గడిని మార్చే బటనే ఏటీఎంను కూడా మార్చాలి, రెండూ ఒకే అడుగులో జరగాలి. వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటే ఏదో ఒక సాయంత్రం ఒకటి మర్చిపోతారు.

ఇంకొక జాగ్రత్త. డెల్టాలో స్మైల్ కదలికను కలిపాక, పీ అండ్ ఎల్ వివరణలో వేగా గడి నుంచి ఆ భాగాన్ని తీసేయాలి. లేదంటే ఒకే కదలిక రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. స్పాట్ వల్ల రావాల్సిన ఐవీ మార్పు పోగా మిగిలిందే అసలు వేగా పీ అండ్ ఎల్.

అరుదైనవి

ఫార్వర్డ్‌కి బదులు స్పాట్‌తో మనీనెస్ లెక్కించడం వల్ల డివిడెండ్ రోజున స్మైల్ జరిగినట్టు కనిపిస్తుంది. ఫార్వర్డ్ వాడితే పోతుంది. దూరపు స్ట్రైక్‌లలో ఇంటర్‌పొలేషన్ వల్ల చిన్న తేడాలు వస్తాయి, మీ పుస్తకం అక్కడ లేకపోతే వదిలేయండి. ఎక్స్‌పైరీ వారంలో R అర్థం లేకుండా ఊగుతుంది. ఆ వారం కొలతలు రిగ్రెషన్ నుంచి తీసేసి, డెల్టాను బ్లాక్-షోల్స్ దగ్గరే ఉంచండి.