విందు మర్నాడు అతిథి అస్వస్థతతో రాసినప్పుడు: మొదటి జవాబులో జాగ్రత్తలు

ఫంక్షన్ల రద్దీ మొదలయ్యే ముందు ప్రతి బాంకెట్ హాల్‌లోనూ ఫ్రిజ్‌లు, వంటపాత్రలు, డ్యూటీ పట్టికలు సరిచూసుకుంటారు. కానీ విందు మర్నాడు ఒక అతిథి "రాత్రి నుంచి వాంతులవుతున్నాయి" అని రాస్తే ఏమని జవాబివ్వాలో ముందుగా ఆలోచించి పెట్టుకున్న చోట్లు తక్కువ. ఆ జవాబు తరచుగా రాత్రంతా నిద్ర లేని మేనేజర్ చేతుల మీదుగా పది నిమిషాల్లో వెళ్లిపోతుంది. అందువల్ల రద్దీ రాకముందే, తీరిక ఉన్న రోజున, దాని నమూనా ఒకటి రాసి పెట్టుకోవాలి.

ఒక సందర్భం తీసుకుందాం. శనివారం రాత్రి 8:30కి భోంచేసిన అతిథికి తెల్లవారుజామున 3 గంటలకు వాంతులు, ఆ తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. ఉదయం 9:10కి ఆయన మెయిల్ వచ్చింది. భోజనానికీ మొదటి లక్షణానికీ మధ్య ఆరున్నర గంటలు గడిచాయి. ఆ వ్యవధిని బట్టి కారణం తేల్చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ అది సాధ్యం కాదు. వండిన పదార్థం వెచ్చగా ఎక్కువసేపు ఉండిపోయినప్పుడు కొన్ని బాక్టీరియాలు తయారుచేసే విషపదార్థం అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు వాంతులు కలిగించగలదు. నోరోవైరస్ అయితే సాధారణంగా 12 నుంచి 48 గంటలు తీసుకుంటుంది, సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి ఆ రాత్రి భోజనమే కారణం కావచ్చు, అంతకు ముందు రోజు మరెక్కడో తిన్నదీ కావచ్చు, ఇంట్లో మరొకరి నుంచి సోకినదీ కావచ్చు. తప్పు ఒప్పుకోవడానికీ, కాదని తోసిపుచ్చడానికీ ఉదయం 9:10కి మన చేతిలో ఆధారమేదీ లేదు, ఉన్నది ఒక మనిషి పడుతున్న బాధ మాత్రమే. జవాబు ఆ బాధతో మొదలవ్వాలి.

నేను రాసే జవాబు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన అతిథి గారికి, నిన్న విందు తర్వాత మీరు వాంతులు, విరేచనాలతో బాధపడుతున్నారని తెలిసి చాలా విచారిస్తున్నాను. ఇప్పుడు మీకెలా ఉంది? తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం బాగా ఎక్కువైనా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, మా జవాబు కోసం ఆగకుండా దయచేసి వెంటనే వైద్యుడిని కలవండి. కారణం ఏమిటన్నది ఈ క్షణాన మేము చెప్పలేము. మీరు తెలిపిన విషయాన్ని నమోదు చేసుకుని, నిన్నటి వంట, వడ్డన వివరాలను పరిశీలించడం మొదలుపెట్టాము. మీకు ఓపిక ఉన్న సమయం చెబితే నేనే ఫోన్ చేసి కొన్ని వివరాలు అడుగుతాను. అప్పటికి తేలింది ఎంతైనా, ఈ సాయంత్రం 6 గంటలలోపు మీకు మళ్లీ రాస్తాను."

ఇందులో ప్రతి మాటనూ ఎంచి పెట్టాను. "విందు తర్వాత" అన్నాను కానీ "విందు వల్ల" అనలేదు. "తర్వాత" అన్నది జరిగిన వరుసను మాత్రమే చెబుతుంది, "వల్ల" అన్నది తీర్పు చెబుతుంది. అలాగే "మీరు ఆరోపించిన అస్వస్థత", "మీరు చెప్పేది నిజమైతే" వంటి మాటలు అతిథిని అబద్ధాలకోరుగా నిలబెడతాయి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న అరిగిపోయిన వాక్యం నాకు మరీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే రాత్రంతా వాంతులు చేసుకున్న మనిషి పడినది అసౌకర్యం కాదు. ఏ మందు వేసుకోవాలో జవాబులో రాయకూడదు, అది వైద్యుడి పని. అతిథి గర్భిణి అయినా, వృద్ధులైనా, బాధపడుతున్నది చిన్నపిల్లలైనా, ప్రమాద లక్షణాల కోసం చూడకుండా ముందే వైద్యుడిని సంప్రదించమని రాయడం మంచిది.

రాయకూడని వాక్యం మరొకటి ఉంది, దాన్ని నేనే ఒకసారి రాశాను. చాలా ఏళ్ల క్రితం, పనిచేస్తున్న హాల్ నుంచి ఉదయం 11 గంటలకు ఒక అతిథికి "మిగతావారెవరూ ఇలా చెప్పలేదు" అని జవాబిచ్చాను. అప్పటికి అది నిజమే. సాయంత్రం 4 గంటలకల్లా మరో రెండు కుటుంబాల నుంచి ఫోన్లు వచ్చాయి, వారిలో ఒకరు ఆ మొదటి అతిథికి బంధువులు. నా వాక్యం అబద్ధమై వారి మధ్య తిరిగింది. ఆ తర్వాత మేము ఎంత శ్రద్ధగా విచారణ చేసినా వారు నమ్మలేకపోయారు, అందుకు వారిని తప్పుపట్టలేను.

డబ్బు వాపసు ఇస్తామన్న మాట కూడా మొదటి జవాబులో వద్దు. అది తప్పు ఒప్పుకున్నట్టుగానో, నోరు మూయించే ప్రయత్నంగానో వినిపిస్తుంది. బీమా ఉన్నవారు ఏ పరిహారమైనా ప్రస్తావించే ముందు బీమా సంస్థకు తెలియజేయాలి.

"పరిశీలించడం మొదలుపెట్టాము" అన్న మాట జవాబు పంపే క్షణానికి నిజమై ఉండాలి. అందుకని పంపడానికి ముందే వంటగదికి ఫోన్ చేసి, మిగిలిన పదార్థాలేవీ పారవేయవద్దని చెప్పాలి. వాటిని మూతపెట్టి, "వాడరాదు" అన్న చీటీ, తేదీ, సమయం అతికించి, 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఫ్రిజ్‌లో విడిగా ఉంచాలి. ప్రతి వంటకం నుంచి శాంపిల్ తీసి పెట్టే అలవాటుంటే వాటినీ అలాగే కాపాడాలి. ఉష్ణోగ్రతల రిజిస్టర్‌లో ఖాళీలు కనిపిస్తే ఇప్పుడు నింపకూడదు, అవి ఖాళీగానే ఉండనివ్వాలి. వండినవారిలో, వడ్డించినవారిలో ఎవరికైనా వాంతులో విరేచనాలో ఉన్నాయేమో బెదిరించకుండా అడగాలి. ఉంటే, అవి ఆగిన 48 గంటల దాకా వారిని ఆహారం దగ్గరికి రానివ్వకూడదు.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అడిగే వరుస ముఖ్యం. ముందు ఇప్పుడెలా ఉందో అడగాలి. తర్వాత ఏ లక్షణం ఏ సమయానికి మొదలైంది, మన దగ్గర ఏమేమి తిన్నారు, కలిసి తిన్నవారిలో ఇంకెవరికైనా ఇలా అయిందా, విందుకు రాని ఇంటివారిలో ఎవరికైనా బాగాలేదా అన్నవి అడగాలి. గత మూడు రోజుల భోజనాల గురించిన ప్రశ్న చివరన రావాలి. దాన్ని మొదటే అడిగితే, నింద ఇంకొకరి మీదికి నెట్టడానికే ఫోన్ చేశామని అతిథి అనుకుంటారు. "కారణం కచ్చితంగా తెలియాలంటే అన్ని భోజనాలూ చూడాలి, మా విందుతో సహా" అని చెప్పి అడిగితే చాలామంది ఓపికగా చెబుతారు. వైద్యుడు పరీక్షకు నమూనా తీసుకున్నారేమో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే లక్షణాల కన్నా అదే బలమైన ఆధారం.

వేరువేరు ఇళ్ల నుంచి ఇద్దరికి అవే లక్షణాలు వచ్చాయని తెలిసిన వెంటనే అది ఒక్క అతిథి విషయంగా మిగలదు. స్థానిక ఆరోగ్య అధికారులకు ఆ రోజే తెలియజేయాలి, ఫ్రిజ్‌లో దాచినవి వారికే అప్పగించాలి. ఆ సంగతి మొదటి అతిథికి కూడా రాయాలి, అయితే మిగతావారి పేర్లు గానీ వారి ఆరోగ్య వివరాలు గానీ అందులో ఉండకూడదు.

సాయంత్రం 6 గంటలకు ఏమీ తేలకపోయినా ఉత్తరం వెళ్లాలి. ఏ రిజిస్టర్లు చూశాం, ఎవరితో మాట్లాడాం, ఏది ఇంకా మిగిలి ఉంది అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. చాలా సందర్భాల్లో కారణం చివరికీ తెలియదు. అప్పుడు "మా తప్పు లేదని తేలింది" అని రాయకూడదు. "మేము చూడగలిగినంత మేర కారణం నిర్ధారణ కాలేదు" అని రాయాలి, ఎందుకంటే జరిగినది అదే.