ఇన్‌సోల్ వేశాక షూ బిగుతైతే

మడమ నొప్పికని రెడీమేడ్ ఇన్‌సోల్ కొని వేస్తే షూ బిగుతైపోయింది, నడుస్తుంటే మడమ పైకి జారిపోతోంది. తప్పు నాదే, షూతో వచ్చిన అట్టను తీయకుండా దాని మీదే పెట్టాను.

ముందు ఆ పాత అట్టను మడమ వైపు నుంచి లేపి బయటికి లాగండి. దాన్ని కొత్త ఇన్‌సోల్ మీద మడమలు కలిసేలా పెట్టి, వేళ్ల వైపు అంచు వెంట పెన్నుతో గీయండి. గీతకు 2 మి.మీ. బయటగా కత్తిరించి, షూలో పెట్టి చూసి, ముడత పడితే ఇంకాస్త తీయండి. మడమ వైపు మాత్రం కత్తెర పెట్టొద్దు. అక్కడ కోస్తే పాదం వంపు కింద ఉండాల్సిన ఎత్తు పక్కకు జరిగి గుచ్చుకుంటుంది. మొదటి రోజు గంటసేపే వేసుకోండి, తర్వాత రోజుకో గంట పెంచండి.

పాత అట్ట జిగురుతో అంటుకుని ఉంటే పీకొద్దు, వేళ్ల దాకా రాని ముప్పావు సైజు ఇన్‌సోల్ తీసుకోండి.

మామూలు మడమ నొప్పికి రెడీమేడ్‌వే చాలాసార్లు సరిపోతాయి. ఆరు వారాలైనా తగ్గకపోతే, లేదా పాదం ఆకారం బాగా మారిపోయి ఉంటే డాక్టర్‌కి చూపించి కొలతలిచ్చి చేయించుకోవాల్సి రావచ్చు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు అసలు సొంతంగా ప్రయత్నించొద్దు, ఒరుసుకుని పుండు పడినా తెలియదు.